కల్లు ఆపిన మూడో రోజు ఫిట్స్: మళ్లీ సీసా పట్టించాలా?

ప్రశ్న: మా నాయనకు 56 ఏండ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. పదేండ్లుగా రోజూ సాయంత్రం రెండు సీసాల కల్లు తాగుతడు. విస్కీ, బ్రాందీ ముట్టడు. మొన్న ఎక్సైజోళ్లు మా ఊరి దుకాణం మూయించిన్రు. రెండు రాత్రులు నిద్ర లేదు, చేతులు వణికినయి, గోడతోని మాట్లాడిండు. మూడో రోజు ఫిట్స్ వచ్చినయి. పక్కూరి కల్లు తెచ్చి పోస్తే తగ్గుతదంటున్రు. పోయాల్నా? చెట్టు కల్లుకు ఇట్లయితదా?

జవాబు: పోయకండి. ఆయన ఇంకా ఇంట్లోనే ఉంటే ముందు 108కు ఫోన్ చేసి నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతాది దారిలో చదవొచ్చు. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, పళ్ల మధ్య చెంచా పెట్టొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

తాటికల్లయినా ఈతకల్లయినా చెట్టు దిగేసరికే పులవడం మొదలవుతుంది. సాయంత్రానికి అందులో ఆల్కహాల్ సుమారు నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆ లెక్కన 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 20 గ్రాములే. అంటే విస్కీ ముట్టని మీ నాయన రోజూ రెండున్నర పెద్ద పెగ్గులు తాగుతున్నట్టే. పదేండ్ల అలవాటు ఒక్కసారిగా ఆగితే వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావడానికి ఇదొక్కటే చాలు.

అయినా నాకు అంతకంటే ఎక్కువ అనుమానం మందుకల్లు మీద. చెట్లు ఇచ్చే కల్లు అన్ని సీసాలకు సరిపోదు. అందుకే నీళ్లలో శాకరిన్, దాంతోపాటు ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్ముతారు. తెలంగాణలో ఎక్సైజ్ దాడుల్లో ఆల్ప్రజోలం పదేపదే పట్టుబడుతూనే ఉంది. దీన్ని నాలుకతో పసిగట్టలేం. కొన్ని ఆనవాళ్లను బట్టి అనుమానించవచ్చు. అసలు కల్లు పొద్దుటికీ సాయంత్రానికీ రుచి మారుతుంది, నిలవుంటే పులిసిపోతుంది. ఏడాది పొడుగునా, చెట్టు సరిగా పారని రోజుల్లో కూడా, ఒకే తీపి, ఒకే మత్తు ఉందంటే అది చెట్టు గుణం కాదు. తాగిన కాసేపటికే మాట ముద్దగా రావడం, రాత్రి ఏం చేశాడో తెల్లారి గుర్తులేకపోవడం కూడా అలాంటివే.

ఈ మందులు మెదడు ఉద్రేకాన్ని అణచిపెడతాయి. రోజూ అణుగుతుంటే మెదడు దాన్ని తట్టుకునేందుకు తన వేగం పెంచుకుంటుంది. ఒక్కరోజులో మందు ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం అందుకే. ఆల్ప్రజోలం ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లోంచి చాలావరకు పోతుంది కాబట్టి రెండో, మూడో రోజున గొడవ మొదలవుతుంది. డయజెపాం మెల్లగా పోతుంది, దాని గొడవ వారం తర్వాత కూడా రావచ్చు. అందుకే రెండు రోజులు బాగున్నాడని ధీమాగా ఉండకూడదు.

సీసా పట్టిస్తే వణుకు తగ్గడం నిజమే, ఆ సలహా చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ పక్కూరి సీసాలో ఎంత మందు ఉందో అమ్మినవాడికీ తెలియదు. ఒళ్లు తెలియని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తర్వాత ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్‌కు ఇది తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

ఆసుపత్రిలో మొహమాటపడకుండా ‘రోజూ రెండు సీసాల దుకాణం కల్లు, ఫలానా రోజు ఆగింది’ అని చెప్పండి. చాలామంది పరువు కోసం ‘ఫిట్స్ వచ్చినయి’ అని మాత్రమే చెప్తారు. అప్పుడు డాక్టరు వేరే దారిలో వెతుకుతాడు. ఇప్పటికే ఏమైనా తాగించి ఉంటే అదీ దాచకండి. మూత్ర పరీక్షలో ఆల్ప్రజోలం, డయజెపాం రకం మందులు బయటపడొచ్చు. అన్నీ కల్లు మీదికి తోసేయకుండా షుగర్, సోడియం చూస్తారు, తలకు స్కాన్ తీస్తారు. మొదటి ఫిట్స్‌కు అది అవసరం.

చికిత్సలో వాడేదీ ఆ జాతి మందే, డయజెపాం లేదా లోరజెపాం. కాకపోతే కొలిచి ఇస్తారు, నిదానించాక కొన్ని వారాల్లో మెల్లమెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఇదే కదా అని ఆల్ప్రజోలం మెడికల్ షాపులో కొని మీరే వేయకండి. తగ్గించే క్రమం తప్పితే ఫిట్స్ మళ్లీ వస్తాయి. మందు పూర్తిగా తగ్గాక ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. దుకాణం మళ్లీ తెరిచారని పాత లెక్కన రెండు సీసాలు తాగితే అప్పుడు అది విషం.

మీ నాయన ఒక్కడే కాదు, ఆ దుకాణంలో రోజూ తాగిన ఆడామగా అందరికీ ఈ వారమే ఇది రావచ్చు. నిద్ర పట్టడం లేదని, చేతులు వణుకుతున్నాయని ఎవరన్నా చెబితే ఫిట్స్ దాకా ఆగకుండా ఆసుపత్రికి పంపండి. ఆశా కార్యకర్తకు ఇవాళే చెప్పండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు.