నాట్ కనబడగానే ఎనీ పెట్టకు

పలాస

అమ్మడూ,

నువ్వు పంపిన మెయిళ్లు చదివాను. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘వి హావ్ నాట్ రిసీవ్డ్ ఎనీ ఆఫ్ ద టిన్స్.’ దాని కిందే 40 టిన్నుల్లో 28 గోడౌన్‌లో దించామని రాశావు. ఎనీ ఆఫ్ అంటే ఒక్క టిన్నూ రాలేదని అర్థం.

నేను కొత్తగా జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరినప్పుడు అచ్చం ఇదే రాశాను. పంపినవాళ్లు లారీయే చేరలేదనుకుని గంటసేపు అందరికీ ఫోన్లు చేశారు. డ్రైవరేమో మా గేటు ముందు టీ తాగుతున్నాడు! మొదట నేను సమ్ ఆఫ్ అనే రాసుకున్నాను. ‘నాట్ ఉంటే ఎనీ పెట్టాలి’ అని బళ్లో బట్టీపట్టిన సూత్రం గుర్తొచ్చి, చేతులారా దిద్ది చెడగొట్టాను.

ఆ సూత్రం సగమే నిజం. తెలుగులో ‘కొన్ని రాలేదు’ అనాలంటే సమ్ ఆఫ్, ‘ఒక్కటీ రాలేదు’ అనాలంటే ఎనీ ఆఫ్. ‘సమ్ ఆఫ్ ద టిన్స్ హావ్ నాట్ అరైవ్డ్’ అని సమ్‌ను ముందుకు తెస్తే ఇక అనుమానం ఉండదు. ‘అన్నీ రాలేదు’ని ‘ఆల్ ద టిన్స్ హావ్ నాట్ అరైవ్డ్’ అని మార్చావో, చదివేవాళ్లు రెండు రకాలుగానూ అనుకోవచ్చు. లెక్క తెలిసినప్పుడు ఈ గొడవెందుకు? ‘12 ఆఫ్ ద 40 టిన్స్’ అని రాసేయ్.

ఇక నంబర్, అమౌంట్. ఇది మన భాషలోనే ఉంది: టిన్నులు ఎన్ని, పప్పు ఎంత. టిన్నుకు 10 కిలోల చొప్పున, రావలసిన టిన్నుల నంబర్ 12, పప్పు అమౌంట్ 120 కిలోలు. స్టాక్ మెయిళ్లలో దాన్నే క్వాంటిటీ అంటారు. డబ్బు దగ్గర మాత్రం ‘ఎన్ని రూపాయలు’ అని అడిగినా ఇంగ్లీషులో అమౌంటే. బడ్జెట్ మెయిల్లో నువ్వు ‘అమౌంట్ ఆఫ్ పెండింగ్ బిల్స్ ఈజ్ 14’ అన్నావు. అకౌంట్స్ వాళ్లకు అది 14 రూపాయలా, 14 వేలా, 14 లక్షలా? బిల్లులు 14 అయితే నంబర్, వాటికి కట్టాల్సిన సొమ్ము అయితే టోటల్ అమౌంట్. రెండూ కావాలంటే రెండు వాక్యాలు రాయి.

మనుషుల దగ్గరే తెలుగు మనల్ని మోసం చేస్తుంది. ‘ఎంతమంది’లో ‘ఎంత’ ఉంది కదా, అందుకే నీ చెయ్యి ‘అమౌంట్ ఆఫ్ స్టాఫ్’ వైపు పోయింది. మనుషుల్ని లెక్కపెడతాం, కొలవం. ‘నంబర్ ఆఫ్ స్టాఫ్’ అనాలి. వాళ్లు చేసే పని అయితే ‘అమౌంట్ ఆఫ్ వర్క్’.

ఆ టిన్నుల మెయిల్ ఇంకా వెళ్లకపోతే ఆపి, దిద్ది పంపు. వెళ్లిపోయి ఉంటే ముందు ఫోన్ చెయ్యి.

మీ బాబాయి