నూనె మార్చే ముందు ఫెర్రిటిన్ చూపించుకో

చిన్నీ,

నీ జుట్టు గుప్పెళ్లతో ఊడుతోందని మీ అమ్మ ఫోన్ చేసింది. హాస్టల్ నీళ్ల వల్లే అంటుంది తను. ఆఫీసు టెన్షన్ వల్ల అంటున్నావట నువ్వు. నేను అడగాలనుకున్నది వేరు. నెలసరిలో నీకు ఎన్ని ప్యాడ్లు పడుతున్నాయి?

ముప్పై ఏళ్లు నర్సుగా చేసి కూడా ఈ మాట మీ అక్కని అడగడానికి నాకు ఏడాది పట్టింది. అప్పటిదాకా నూనెలు మార్చాను, బయోటిన్ మాత్రలు కొనిచ్చాను. తీరా అడిగితే, మొదటి రెండు రోజులూ రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతుందనీ, రాత్రి లేచి మార్చుకుంటాననీ, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడతాయనీ చెప్పింది. "అందరికీ అంతే కదమ్మా" అంది. కాదు. వీటిలో ఏ ఒక్కటి నెలనెలా ఉన్నా, ఏడు రోజులు దాటినా అది ఎక్కువ రక్తస్రావమే.

రక్తంతో పాటు ఐరన్ పోయి ఒంట్లో అది తగ్గితే జుట్టు ఊడొచ్చు. లెక్క చూడు. 100 మిల్లీలీటర్ల రక్తం పోతే దాంతో సుమారు 40 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. మనం తినే తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములే. అందులో ఒకటి ఒంట్లోంచి రోజూ మామూలుగా పోయేదానికే సరిపోతుంది. ఆ లోటును ఒళ్లు ముందు నిల్వలోంచి తీసి పూడుస్తుంది. ఆ నిల్వ ఎంతుందో చెప్పేదే ఫెర్రిటిన్. నిల్వ అయిపోయాక గానీ హిమోగ్లోబిన్ తగ్గదు. మీ అక్క హిమోగ్లోబిన్ 12.2 ఉంది. 12 దాటింది కాబట్టి రక్తం బాగుందన్నారు ల్యాబ్‌లో. ఫెర్రిటిన్ చేయిస్తే 9 వచ్చింది! 15 కన్నా తక్కువైతే లోపం ఉన్నట్టే. 30 లోపున్నా చాలామంది డాక్టర్లు లోపంగానే చూస్తారు.

అందుకని రక్త పరీక్షకి వెళ్లినప్పుడు సీబీపీ ఒక్కటే కాకుండా ఫెర్రిటిన్, థైరాయిడ్ కూడా చేయించు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు వెళ్లకు. అప్పుడు ఫెర్రిటిన్ లేనంత ఎక్కువ చూపిస్తుంది. బయోటిన్ వేసుకుంటుంటే ల్యాబ్‌కి వెళ్లే రెండు మూడు రోజుల ముందే ఆపెయ్, థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఫెర్రిటిన్ బాగుంటే ఐరన్ మింగొద్దు. జుట్టు తల మొత్తం పల్చబడకుండా పాపిట దగ్గరే వెడల్పవుతున్నా, రూపాయి బిళ్లల్లా గుండ్రంగా ఊడినా కారణం వేరే ఉండొచ్చు. చర్మ డాక్టర్‌కి చూపించు.

తక్కువొస్తే డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తారు. మీ అక్కకి రోజు విడిచి రోజు ఒకటి వేసుకోమన్నారు. అలా వేసుకుంటే మాత్రలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, కడుపులో వికారం కూడా తక్కువ. నిమ్మరసంతో, పరగడుపున వేసుకోవాలి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దాని దగ్గరికి రాకూడదు. మా ఇంట్లో మొదటి నెల పోయింది అక్కడే. పొద్దున మాత్ర, వెంటనే టీ గ్లాసు! విరేచనం నల్లగా అవుతుంది, భయపడకు. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకో, మానేయడం కన్నా అది నయం.

అయితే కుళాయి కట్టకుండా బిందె నింపితే ఏం లాభం? రక్తస్రావం సంగతి గైనకాలజిస్ట్ చూడాలి. స్కానింగ్‌లో గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డల్లాంటివి ఉన్నాయేమో చూస్తారు. మొదటి నెలసరి నుంచే ఇలా ఉన్నా, పన్ను పీకినప్పుడు రక్తం ఆగకపోయినా, ముక్కు నుంచి తరచూ కారినా ఆ మాట తప్పక చెప్పు, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో చూడాల్సి ఉంటుంది. మీ అక్కకి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు రాశారు. ఎక్కువగా అయ్యే నాలుగైదు రోజులే వేసుకోవాలి. నీకో, ఇంట్లో ఎవరికైనానో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనే మందు కాదది.

జుట్టు విషయంలో మాత్రం ఓపిక పట్టు. ఒంట్లో తేడా వచ్చిన రెండు మూడు నెలలకి వెంట్రుక ఊడుతుంది, కోలుకోవడమూ అలాగే నెమ్మది. మీ అక్కకి మూడో నెల దాటాక ఊడటం తగ్గింది, ఆరో నెలకి నుదుటి మీద చిన్న వెంట్రుకలు లేచాయి. అప్పటికి ఫెర్రిటిన్ 38. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా, నిల్వ నిండేదాకా మాత్రలు ఆపనివ్వలేదు డాక్టర్.

వచ్చే నెలసరిలో ప్యాడ్ మార్చిన ప్రతిసారీ టైము ఫోన్‌లో రాసుకో. డాక్టర్ మొదట అడిగేది అదే. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా తడుస్తూ, కళ్లు తిరిగి గుండె దడగా ఉంటే మాత్రం రాసుకుంటూ కూర్చోకు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు. రిపోర్టు రాగానే నాకు ఫొటో పంపు.

మీ పెద్దమ్మ