పచ్చి వాసన నూనెలోనే పోవాలి

చిట్టితల్లికి,

కావలి నుంచి పెద్దమ్మ దీవెనలు. కోడికూర ఎంతసేపు ఉడికించినా అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోవడం లేదని రాశావు. ఉల్లిపాయలు, టమాటాలు, ముద్ద అన్నీ వెంటవెంటనే వేసేస్తున్నానని కూడా రాశావు కదా, చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఘాటు పోవాలంటే ముద్ద నూనెలో వేగాలి. బాణలిలో తడి ఉన్నంతసేపు దాని వేడి, నీళ్లు మరిగే స్థాయిని దాటదు. టమాటా పడిందంటే ముద్ద దాని రసంలో ఉడుకుతుందే గాని వేగదు. ఉడికితే ఘాటు కొంత తగ్గుతుంది, కానీ కమ్మదనం రాదు.

అరకిలో కోడికి పెద్ద చెంచాడు ముద్ద చాలు. మూడు పెద్ద చెంచాల నూనెలో రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి వేయించు. అంచులు బంగారు రంగుకు తిరగగానే ముద్ద వెయ్యి. పూర్తిగా ఎర్రబడేదాకా ఆగకు, ముద్ద వేగేలోపు ఉల్లిపాయ మాడిపోతుంది. అలాగని ఉల్లిపాయకంటే ముందే వేస్తే ముద్ద అడుగంటి చేదెక్కుతుంది.

వేసేముందు మంట తగ్గించు. ముద్దలోని నీటికి మొదట చిటపటలాడి పైకి చిందుతుంది, ముక్కును గుచ్చే ఆవిరి వస్తుంది. గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండు. రెండు మూడు నిమిషాల్లో ఆ చప్పుడు సద్దుమణిగి, సన్నని సుయ్‌మనే శబ్దం మిగులుతుంది. తెల్లగా ఉన్న ముద్ద లేత గోధుమ రంగుకు వచ్చి గరిటెకు అంటుకోవడం మానేస్తుంది, అంచుల్లో నూనె తేలుతుంది. అప్పుడు వంగి వాసన చూడు. ముక్కులో గుచ్చకపోతే అయినట్టే. గడియారం కంటే ఈ గుర్తులనే నమ్ముకో. మధ్యలో అడుగంటుతుంటే చెంచాడు నీళ్లు చిలకరించి గీకు, అవి ఆవిరయ్యాక మళ్లీ వేగనివ్వు. నల్లబడితే మాత్రం ఎన్ని మసాలాలు వేసినా ఆ చేదు పోదు, తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

ఆ తర్వాతే పసుపు, కారం, ఆపైన టమాటా. కోడి ముక్కలకు ముందే పెరుగూ ముద్దా పట్టించి ఉంటే, ఆ ముద్దకు వేగే అవకాశం ఉండదు. అందుకే పట్టించడానికి సగమే వాడి, మిగతా సగం నూనెలో వేయించు. ముక్కలు వదిలిన నీరు ఇంకి నూనె తేలేదాకా మూత తీసి ఉంచు.

ఇప్పటికే వండిన కూరలో వాసన ఉంటే ఇంకో చెంచాడు మసాలా కుమ్మరించకు. మూత తీసి సన్నని సెగ మీద నీరు ఇగరనివ్వు, చాలావరకు తగ్గుతుంది.

మన నెల్లూరు వైపు చేపల పులుసుకు మాత్రం మన ఇంట్లో ఈ ముద్ద అసలు వేయం. చింతపండు పులుపు, మామిడికాయ రుచి దానికింద అణిగిపోతాయి. ఆదివారం నువ్వు పులుసు పెట్టాలనుకుంటే ముద్ద పక్కన పెట్టి మెంతులు, ఆవాలు దోరగా వేయించి పొడి కొట్టుకో.

మీ పెద్దమ్మ