‘డ్రాప్’ అని రాసే ముందు

బర్కత్‌పుర,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన మినిట్స్ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. మీ అపార్ట్‌మెంటు కమిటీకి జాయింట్ సెక్రెటరీ అయిన రెండో నెలకే మీటింగ్ నడక ఇంత శుభ్రంగా రాశావు, సంతోషం. కోరం, ఖర్చుల లెక్క, వాచ్‌మన్ జీతం మీద చర్చ, వాటిలో నేను ముట్టుకోవాల్సింది ఏమీ లేదు. ‘గత నిర్ణయాలపై చర్యలు’ అన్న భాగం దగ్గర మాత్రం ఆగిపోయాను. పది అంశాలున్నాయి. ఏడింటికి ‘పెండింగ్’, రెండింటికి ‘అయింది’, ఒకదానికి ‘డ్రాప్’ అని ఒక్కొక్క మాటతో సరిపెట్టావు. ఆ సెల్లార్‌లో కూర్చున్న తొమ్మిది మందికి ఆ మాటలు అర్థమవుతాయి. వచ్చే ఏడాది ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లకు అర్థం కావు.

ముందుగా లిఫ్టు సంగతి చూడు. ‘అయింది, మెకానిక్ వచ్చి చూశాడు’ అన్నావు. వెనక్కి తిప్పి జూన్ మినిట్స్ చదివాను. అక్కడి నిర్ణయం మెకానిక్‌ను పిలవడం కాదు, లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోకుండా బాగు చేయించడం. ఆ తర్వాత మళ్లీ ఆగిందా? ఆగకపోతే ‘జూలై 19న డోర్ సెన్సర్ మార్చారు, ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు, బిల్లు ట్రెజరర్ దగ్గర ఉంది, పూర్తయింది’ అని రాయి. ఒక్కసారి ఆగినా అది పెండింగే. పూర్తయిందో లేదో తేల్చుకోవాలంటే పాత నిర్ణయంలోని మాటల పక్కన పెట్టి చూడు. ఎవరెంత తిరిగారన్నది అందుకు కొలత కాదు. అందుకే ప్రతి అంశానికీ దాని పాత నంబరు అలాగే ఉంచమంటాను. జూన్‌లో మూడో అంశమైతే డిసెంబరులో కూడా అది 6/3 గానే ఉండాలి. నెలనెలా కొత్త నంబర్లు వేస్తే, ఏ నిర్ణయం గురించి మాట్లాడుతున్నామో వెతుక్కోవడానికే ఒక పూట పడుతుంది.

పెండింగ్ విషయానికొస్తే, మంజీరా కనెక్షన్ పెంచుకునే అంశం తీసుకుందాం. జూలైలోనూ పెండింగ్, ఆగస్టులోనూ పెండింగ్. ఈ రెండు మాటల మధ్య ఏం జరిగిందో నువ్వు ఫోన్లో చెబితేనే నాకు తెలిసింది. చెప్పిందే రాయాల్సింది: ‘జలమండలికి దరఖాస్తు జూలై 12న ఇచ్చాం. 28న వచ్చి చూసి వెళ్లారు. ఎస్టిమేట్ రావాలి. ట్రెజరర్ ఆగస్టు 25లోగా సెక్షన్ ఆఫీసుకు వెళ్లి కనుక్కుంటారు.’ బంతి ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు చదివినవాళ్లకు తెలుస్తుంది. నీ మిగతా ఆరు పెండింగుల్లో నాలుగు, నాకు తెలిసి, ఇంకా ఎవరూ మొదలుపెట్టనివి. వాటికి ‘మొదలుకాలేదు’ అనే రాయి. మొహమాటపడకు. మనం మొదలుపెట్టనిదీ, అవతలివాళ్ల జవాబు కోసం ఆగినదీ ఒకే మాట కింద దాక్కుంటే, కమిటీ దేనికి తొందరపడాలో దానికి తెలియదు.

ఒకే అంశం మూడు మీటింగుల్లో కదలకపోతే నేను దాన్ని ఈ భాగంలోంచి తీసి అసలు ఎజెండాలో పెట్టేవాణ్ని. ఈ భాగం జరిగింది చెప్పడానికి. మనిషిని మార్చాలా, గడువు మార్చాలా, వదిలేయాలా అన్నది నిర్ణయం. నిర్ణయానికి ఎజెండాలో సొంత చోటు ఉండాలి. లేకపోతే మీటింగ్ మొదటి ముప్పావుగంటా పాత సంగతుల చర్చతోనే పోతుంది.

ఇక ఆ ఒక్క డ్రాప్. ఉత్తరం రాయడానికి కూర్చున్నదే దాని కోసం. ‘రెండో బోరు: డ్రాప్.’ ఇదే మాట, అక్షరం మారకుండా, ఒకప్పుడు నేనూ రాశాను.

మా అపార్ట్‌మెంటుకు నేను సెక్రెటరీగా ఉన్న మొదటి ఏడాది సంగతి. వేసవిలో బోరు తగ్గిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. రెండో బోరు వేద్దామనుకుని జియాలజిస్టును పిలిచాం. స్థలమంతా తిరిగి, దొరికే పాయింటు పాత బోరుకు ముప్పై అడుగుల దూరంలోనే ఉందన్నాడు. మన ఊరి కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. అంత దగ్గరగా రెండు బోర్లు ఒకే పగులులోంచి తోడితే నీళ్లు పెరగవు, ఉన్నవే పంచుకుంటాయని చెప్పాడు. కమిటీ సరేనంది. నేను ‘డ్రాప్’ అని రాసి సంతకం పెట్టించాను. రెండేళ్లకు కమిటీ మారింది, మళ్లీ ఎండాకాలం వచ్చింది, కొత్తవాళ్లు మళ్లీ జియాలజిస్టును పిలిచి ఫీజు కట్టారు. అదే పాయింటు, అదే జవాబు. అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. బోరు బండివాడికి పది వేలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాం. మినిట్స్‌లో ఆ మాట లేకపోవడంతో ఎవరూ తిరిగి అడగలేదు. నాకు గుర్తొచ్చేసరికి అతను ఊళ్లోనే లేడు. అది ఇరవై ఫ్లాట్లవాళ్ల డబ్బు.

అప్పుడు నేను ఇలా రాసి ఉండాల్సింది: ‘రెండో బోరు. జియాలజిస్టు నివేదిక ప్రకారం దొరికే పాయింటు పాత బోరుకు 30 అడుగుల దూరంలో ఉంది, అదనంగా నీళ్లు వచ్చే అవకాశం లేదు. అందువల్ల కమిటీ ఈ అంశాన్ని వదిలేసింది. అడ్వాన్సు రూ. 10,000 ట్రెజరర్ వెనక్కి తీసుకోవాలి (కొత్త అంశం). నివేదిక ఫైల్లో ఉంది. పాత బోరు పూర్తిగా ఎండిపోతే మళ్లీ పరిశీలించాలి.’ ఇందులో కారణం ఉంది, మిగిలిన పని ఉంది, ఏం మారితే ఈ అంశం తిరిగి తెరవాలో ఉంది. అడ్వాన్సు వసూలును విడి అంశంగా రాయడం ముఖ్యం. పని ఆగిపోయినా దాని తాలూకు డబ్బు మీద పని ఆగలేదు కదా.

మీ బోరుకు ఇంకో చిక్కు ఉంది. నువ్వు పంపిన పాత కాగితాల్లో చూశాను, ఆ నిర్ణయం కమిటీది కాదు. ఏప్రిల్‌లో జనరల్ బాడీ తీర్మానించింది, ఫ్లాటుకింత అని చందా కూడా ఒప్పుకుంది. జనరల్ బాడీ చేసిన తీర్మానాన్ని కమిటీ వదిలేయడం కుదరదు, వదిలేయమని సిఫారసు చేయగలదు. ఎవరు నిర్ణయించారో వాళ్లే వదిలేయాలి. కాబట్టి ఆగస్టు మినిట్స్‌లో అది డ్రాప్ కాదు, పెండింగే. ‘వదిలేయాలని కమిటీ సిఫారసు, కారణం ఇది, వచ్చే జనరల్ బాడీ ముందు పెట్టాలి, అప్పటిదాకా వసూలైన చందా విడిగా ఉంచాలి’ అని రాయి. మీ ప్రెసిడెంటుగారు ‘ఎందుకమ్మా ఇంత పొడుగు’ అంటారు. చందా కట్టినవాళ్లు రేపు రసీదు పట్టుకుని వచ్చినప్పుడు ఆయనకు చూపించడానికి ఆ నాలుగు వాక్యాలే ఉంటాయని చెప్పు.

కారణం రాసేటప్పుడు ‘సభ్యుల అభిప్రాయం మేరకు’ లాంటి మాటలు వద్దు. ఏ అభిప్రాయం, దేని ఆధారంగా అన్నది రాయి. ఇంకో అంశంలో కలిసిపోవడం వల్ల వదిలేస్తే, ఆ రెండో అంశం నంబరు వేయి. ఇంకుడు గుంత అంశాన్ని డ్రైనేజీ మరమ్మతులో కలిపేశామని నువ్వే చెప్పావు, నీ చిత్తుప్రతిలో మాత్రం ఇంకుడు గుంత ఎక్కడా కనబడలేదు. పదకొండో అంశం ఉండాలి. జూలై మినిట్స్‌లో వెతుకు.

పూర్తయినవాటినీ వదిలేసినవాటినీ ఒక్క మీటింగులో చూపించి, ఆమోదం అయ్యాక పట్టికలోంచి తీసెయ్యి. పాత మినిట్స్‌లో ఎలాగూ ఉంటాయి.

ఆదివారం లోపు ఆ పదకొండూ తిరగరాసి పంపు. బోరు అంశం ముందు రాయి. జియాలజిస్టు నివేదిక మీ దగ్గర ఉందో లేదో ట్రెజరర్‌ను ఇవాళే అడుగు. లేకపోతే జియాలజిస్టు నంబరు పుచ్చుకుని ఇంకో కాపీ తెప్పించు.

ఇట్లు,
మీ బాబాయి