పేరు, మెనూ, బోర్డు, హాలు: నాలుగూ ఒకే మాట చెప్పాలంటే

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో 40 సీట్ల హోటల్ పెడుతున్నాం. ఉద్దానం వైపు వంటలు, పేరు "కొబ్బరాకు" అనుకున్నాం. బోర్డు ఒకరికి, ఇంటీరియర్ ఒకరికి, మెనూ డీటీపీ వాళ్ళకి ఇచ్చాం. మూడూ వచ్చాక చూస్తే మూడు వేరే హోటళ్ళలా ఉన్నాయి. ఎక్కడ సరిచేయాలి?

జవాబు:

ముందు ముగ్గురి పనీ ఆపించండి. వాళ్ళ పనితనంలో లోపం ఉందని కాదు, ముగ్గురి చేతిలోనూ ఒకే వాక్యం లేదు. "ఉద్దానం వంటలు" అన్న మాట విని బోర్డు ఆయన కొబ్బరిచెట్టు బొమ్మ వేస్తాడు, ఇంటీరియర్ ఆయన పూరిగుడిసె కడతాడు, డీటీపీ సెంటర్లో పాత ఫైలు తెరిచి గోబీ మంచూరియా ఉన్న మెనూలోనే పేరు మార్చి ఇస్తారు. ఎవరికి తోచిన ఉద్దానం వాళ్ళు చేశారు.

ఆ వాక్యంలో మూడు సంగతులు తేలాలి: ఏం వండుతారు, ఎవరికి పెడతారు, ఎంతసేపట్లో. మీ విషయంలో రెండో ప్రశ్నే మిగతా రెంటినీ నడిపిస్తుంది. అరసవల్లి దారి కాబట్టి ఆదివారాలు, రథసప్తమి రోజుల్లో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దర్శనానికి పోయేవాళ్ళు, దర్శనం చేసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఆ రోజు మాంసం ముట్టనివాళ్ళు వాళ్ళలో బోలెడుమంది. హాల్లో ఎండుచేప వాసన తగిలితే గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతారు. చేపలు లేకపోతే ఉద్దానం వంట ఏముంది అని మీకు అనిపించవచ్చు గానీ కొబ్బరి, పనస, జీడిమామిడి మూడూ అక్కడి తోటలవే. శాకాహారంతోనే మెనూ నిండుతుంది. అందుకే నేనైతే ఈ వాక్యం రాసుకుంటాను: "ఉద్దానం తోటల్లో పండేవాటితో ఇంటి తరహా శాకాహార భోజనం, అరగంటలో తిని లేవగలిగేట్టు." ఇక మీద ప్రతి ఖర్చునూ దీని పక్కన పెట్టి చూడండి. అరగంటలో లేచేవాళ్ళకి మెత్తటి సోఫాలు అక్కర్లేదు, చేయి కడుక్కునే చోటు మాత్రం పెద్దదిగా ఉండాలి.

పేరు బాగుంది. కొబ్బరి ఏడాది పొడుగునా దొరుకుతుంది కాబట్టి పేరు చెప్పింది ఏ నెలలోనూ అబద్ధం కాదు. అదే పనస పేరు పెట్టుకుంటే, లేతకాయలు దొరకని నెలల్లో బోర్డే మిమ్మల్ని వెక్కిరిస్తుంది. "ఉద్దానం" అన్న మాటను మాత్రం పెద్ద బోర్డు మీదికి ఎక్కించకండి. మనకి అది పచ్చటి తోటల పేరు. బయటి జిల్లాల వాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి ఆ పేరును కిడ్నీ జబ్బుల వార్తల్లోనే చదివారు. కడుపాకలితో వచ్చినవాడికి అది గుర్తు రాకూడదు. ప్రాంతాన్ని దాచమని అనడం లేదు, లోపల మెనూలో పంట పక్కన పెట్టండి. పలాస జీడిపప్పు అంటే అందరికీ తెలిసిన మంచిపేరే కదా.

ఇప్పుడు మెనూ. బోర్డు కంటే ముందు ఇది తేలాలి. బోర్డు ఇచ్చిన మాట నిజమో కాదో తినేవాడు చూసుకునేది ఇక్కడే. 40 సీట్లకి 20 నుంచి 25 వంటలు చాలు. ఒక్కో వంట దగ్గరా ఒకటే అడగండి: బోర్డు చూసి వచ్చిన మనిషి ఇది చూసి ఆశ్చర్యపోతాడా? ఫ్రైడ్ రైస్, మంచూరియా అక్కడే తేలిపోతాయి. పిల్లల కోసం ఏదో ఒకటి ఉండాలి అంటారు. ఉండనీండి, కొబ్బరన్నం, నెయ్యి ముద్దపప్పు పెట్టండి.

పేర్లు రాయడంలో నేను పాటించే పద్ధతి: పైన వంటమనిషి వాడే మాట, కింద చిన్న అక్షరాల్లో అందులో ఏముందో ఒక్క వరుస. "చోడి అంబలి" అని రాసి కింద "రాగిపిండి గంజి, మజ్జిగ, ఉల్లిపాయతో" అంటే విజయవాడ నుంచి వచ్చినవాళ్ళకీ తెలుస్తుంది, మన ఊరి వాళ్ళకి తమ మాట కనపడుతుంది. "పనసపొట్టు కూర", కింద "ఆవ పెట్టి, ఎండుమిరప తాలింపుతో". రుచికరమైన, నోరూరించే, అమ్మమ్మ చేతి లాంటి మాటలన్నీ కొట్టేయండి. అవి ఏ హోటల్ మెనూలోనైనా అతుకుతాయి కాబట్టి మీ గురించి ఏమీ చెప్పవు. ఒడిశా నుంచి వచ్చేవాళ్ళ కోసం ఇంగ్లీషు అక్షరాల్లోనూ పేరు ఇవ్వండి, కానీ అదే పేరు ఇవ్వండి. డెలివరీ యాప్‌లో కూడా Panasapottu Kura అనే ఉండాలి. అక్కడ Jackfruit Dry అని మారిస్తే, యాప్‌లో తిని మెచ్చినవాడు హోటల్‌కి వచ్చినప్పుడు ఆ కూర దొరకక తికమకపడతాడు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. "ఏటి తింతావు బాబూ" లాంటి వాక్యాలు మెనూ మీదా గోడల మీదా అచ్చు వేయించకండి. మన యాసను సినిమాలు చాలాకాలం నవ్వుల కోసమే వాడాయి. వడ్డించే అబ్బాయి సహజంగా అంటే అది ఆప్యాయత, గోడ మీద ఫాంటులో రాస్తే వేళాకోళం. మన జిల్లావాళ్ళే ముందు నొచ్చుకుంటారు. వంటల పేర్లలో ఊరి మాట ఉంటే చాలు, వివరణలు మామూలు వాడుక తెలుగులో ఉండనీండి.

పనసపొట్టు, పచ్చి జీడిపప్పు కూర లాంటివి అచ్చు మెనూలో పెట్టకండి. పచ్చి జీడిపప్పు ఎండాకాలం సరుకు. అచ్చులో పెడితే మిగతా నెలలంతా "అయిపోయిందండి" అని చెప్పాలి. ఒకే బల్ల దగ్గర ఆ మాట రెండుసార్లు వినపడితే మూడో వంట ఉందన్నా నమ్మరు. వాటికి గల్లా పక్కన ఒక పలక పెట్టి, పైన చెప్పిన పద్ధతిలోనే పేర్లు రోజూ సుద్దతో రాయించండి. అది అలంకారం కూడా అవుతుంది, డబ్బు పెట్టి కొన్న అలంకారం కంటే నయం.

అచ్చు విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. మీరు ఫోన్లో టైప్ చేసి పంపేది యూనికోడ్ తెలుగు. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లతో, పాత సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తారు. అందులో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, లేదా మళ్ళీ టైప్ చేయడంలో తప్పులు దొర్లుతాయి. "కొబ్బరి"లో ఒత్తు పక్కకి జరిగిందా అని చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చిన పీడీఎఫ్ తయారుచేయించి అదే ఇవ్వండి, బోర్డు ఆయనకీ అదే. ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పేరుకి రామభద్ర లాంటి లావుపాటిది, మెనూ లోపలికి మండలి లాంటి తేలికైనది. ఈ రెండు తప్ప మూడోది ఎక్కడా రాకూడదు, బిల్లు మీద గానీ, చేతులు కడిగే చోట గానీ. మెనూ అక్షరం 13 పాయింట్లకి తగ్గనీయకండి, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు జాగా వదలండి. మెరిసే లామినేషన్ వద్దు, పైన దీపం పడి చదవనివ్వదు. మ్యాట్ చేయించండి.

బోర్డు దగ్గర లెక్క కొంచెం ఓపిగ్గా చూడాలి. 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అనేది ఈ పనిలో వాడే మోటు లెక్క. బండి మీద వచ్చేవాడు 150 అడుగుల ముందే చదివి వేగం తగ్గించాలంటే 15 అంగుళాలు కావాలి. ఈ 15 "ర" అన్న అక్షరం ఒంటి ఎత్తు. బోర్డు కొట్టే ఆయన "18 అంగుళాల లెటర్స్" అన్నప్పుడు పైన "కొ"లో గుణింతం నుంచి కింద బ-ఒత్తు చివర వరకూ కొలుస్తాడు. అలా కొలిస్తే అసలు అక్షరం సుమారు సగమే మిగులుతుంది, అంత దూరం నుంచి ఎవరికీ అందదు. అందుకే "ర ఒక్కటీ 15 అంగుళాలు" అని కాగితం మీద రాసి ఇవ్వండి. గుణింతం, ఒత్తు కలిపితే మొత్తం 30 అంగుళాల దాకా పోతుంది కాబట్టి బోర్డు ఎత్తు మూడున్నర అడుగులైనా ఉండాలి. పేరు కింద "శాకాహార భోజనం" 5 అంగుళాల్లో చాలు, అది నడిచేవాళ్ళ కోసం. ఫోన్ నంబరు, వంటల జాబితా పెద్ద బోర్డు మీద వద్దు.

యాక్రిలిక్ అక్షరాల్లో లోపల లైటు పెట్టిస్తే "బ్బ" దగ్గర చూసుకోండి. లావు అక్షరం రాత్రి వెలిగినప్పుడు లోపలి ఖాళీలు వెలుగుతో పూడిపోయి ముద్దలా కనిపిస్తుంది. బయట నుంచి దీపం వేస్తే ఈ బాధ ఉండదు, మీ దారికి అదే బాగుంటుంది. ఒత్తు విడి ముక్కగా వస్తుంది కాబట్టి దానికి విడిగా రెండు పిన్నులు వేయించండి, ఊడిందంటే మీ పేరే మారిపోతుంది. ఆర్డర్ ఖాయం చేసే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ముందు గోడకి అంటించి, చీకటి పడే వేళ 150 అడుగుల దూరంలో నిలబడి చూడండి.

హాల్లో కొబ్బరాకు తడికలు వేద్దామని మీ ఇంటీరియర్ ఆయన అనే ఉంటాడు. లోపల వద్దు. ఎండిన ఆకు వంటింటి పక్కన నిప్పుకి తయారుగా ఉంటుంది, పొట్టు రాలి అన్నంలో పడుతుంది, పురుగు చేరుతుంది. బయట నీడకి వేయండి చాలు. పేరులో ఆకు ఉంది కనుక వడ్డన ఆకు మీదే జరగాలి: అరటాకు గానీ మన ఏజెన్సీ అడ్డాకు విస్తరి గానీ. స్టీలు కంచంలో పెడితే పేరు అక్కడే తప్పుతుంది. బుడితి ఇత్తడి సామాను గోడకి తగిలించకుండా నీళ్ళ చెంబులుగా బల్ల మీద పెట్టండి. చింతపండు పులుసు మాత్రం కళాయి లేని ఇత్తడిలో పోయకండి, చిలుము పట్టి పులుసు చెడుతుంది. దీపాలు 3000 కెల్విన్ దగ్గర ఉండాలి. 6500 తెల్ల దీపాల కింద కొబ్బరి పచ్చడి సున్నంలా, పప్పు పాలిపోయి కనిపిస్తాయి. టీవీ పెట్టకండి.

బోర్డుకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో హోటళ్ళు వచ్చే 43వ తరగతిలో ఈ పేరు ఎవరికైనా ఉందేమో వెతకండి, తెలుగులోనూ ఇంగ్లీషు స్పెల్లింగుల్లోనూ. లేకపోతే మీ పేరు మీద ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేయండి, వ్యక్తికి ఒక తరగతికి ప్రభుత్వ రుసుము 4500 రూపాయలు. "ఉద్దానం భోజనం" లాంటి పేరైతే ఊరూ సరుకూ చెప్పే మాటలే కాబట్టి హక్కు రావడం కష్టం. "కొబ్బరాకు" భోజనాన్ని నేరుగా వర్ణించే మాట కాదు కాబట్టి దానికి ఆ అవకాశం మెరుగు. దరఖాస్తులో రాసిన ఇంగ్లీషు స్పెల్లింగే గూగుల్ మ్యాప్స్‌లో, బిల్లు మీద, యాప్‌లో ఒక్క అక్షరం తేడా లేకుండా వాడండి.