అందరి తేమా పదిహేడే రాసిన రిజిస్టర్

"మా ఊరి సొసైటీలో ఈమధ్యనే క్లర్కుగా చేరాను. వడ్ల కొనుగోలు సెంటర్ రిజిస్టర్‌లో చిన్న చిన్న సర్దుబాట్లు చేయమని మనవాళ్లే అడుగుతున్నారు. నేను డబ్బు తినడం లేదు కదా, రైతుకు మేలు చేస్తే తప్పేంటి?"

మాది నర్సంపేట వైపు. నేనూ సొసైటీ క్లర్కునే. మీరు అడిగిందే నేనూ నమ్మి 2024 యాసంగిలో ఒక లారీ పంపాను. మంచి మనసుతో రాసిన తప్పుడు అంకె ఊరిని ఎలా ముంచుతుందో నాకు ఆ లారీతోనే తెలిసింది.

సెంటర్‌లో వడ్ల తేమ 17 శాతం దాటకూడదు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు అంతకంటే పచ్చిగానే వస్తాయి, రెండు మూడు రోజులు ఆరబోయాలి. (హార్వెస్టర్ వాళ్ల సంగతి మళ్లీ వేరు. తొందరగా పోవాలని గాలి తగ్గించి కోస్తారు, తాలంతా మనకు మిగిల్చి పోతారు. ఆ తిట్లు కూడా క్లర్కుకే.) తేమ మిషన్‌తో చూసి రిజిస్టర్‌లో రాయడం నా పని. నేను మొదటి వారం సరిగ్గానే రాశాను. రద్దీ పెరిగాక, 17 లోపుంటే చాలు కదా అని అందరికీ 17 వేసుకుంటూ పోయాను. ఒక పెద్దమ్మ నాలుగు రోజులు ఎండలో కాళ్లతో తిరగేసి ఆరబెట్టింది, ఆమెవి 14 వచ్చాయి. "మస్తుగ ఎండినయి పెద్దమ్మా" అని నోటితో మెచ్చుకుని పుస్తకంలో 17 రాశాను.

మూడు రోజులు ఎదురుచూశాక లారీ వచ్చింది. మబ్బు కమ్మింది. వరుసకు కాక అయ్యే ఒకాయన కుప్పలో చెయ్యి పెడితే పైన గలగలలాడుతోంది, లోపల చల్లగా ఉంది. అడుగు వడ్లు మిషన్‌లో పోస్తే 20. "ఇయ్యాల వానొస్తే మొలకలే బిడ్డా, ఎక్కియ్యి, ఏమైతది" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. నాకు కాదనాలనిపించలేదు. 17 అని రాసి ఆయన 60 బస్తాలు ఎక్కించాను. మొత్తం ఏడుగురు రైతులు, 320 బస్తాలు.

సాయంత్రం మిల్లు నుంచి ఫోన్. సరుకు పచ్చిగా ఉంది, బస్తాకు రెండు కిలోల తరుగు ఒప్పుకుంటారా, లారీ వాపస్ తీసుకుంటారా అని. తెల్లారి మా సీఈవో సారు, నేను రిజిస్టర్ పట్టుకుని పోయాం. మిల్లు గుమస్తా నాలుగు పేజీలు తిప్పి ఒక తేదీ మీద వేలు పెట్టాడు. "ఈ రోజు మీ దిక్కు వాన పడ్డది. ఆనాడు గూడ అందరివీ పదిహేడేనా? చూసి రాసిన్రా, కూసోని రాసిన్రా?" అన్నాడు. మా సారు నా మొహం చూశారు. నా దగ్గర జవాబు లేదు. బస్తాల మీద ఎవరి గుర్తూ వేయలేదు, కాబట్టి పచ్చివి ఏవో ఎండినవి ఏవో విడదీసి చూపే దారి కూడా లేదు. ఒప్పుకుని వచ్చాం.

లెక్క చూడండి. 20 శాతం తేమ ఉన్న 40 కిలోల బస్తాలో అసలు గింజ 32 కిలోలు. 17 శాతానికి ఎండితే ఆ బస్తా 38 కిలోల 550 గ్రాములు తూగుతుంది. అంటే మా కాక బస్తాకు నిజమైన తరుగు 1,450 గ్రాములు, 60 బస్తాలకు 87 కిలోలు. మిల్లు కోసింది 640 కిలోలు. ఏ గ్రేడ్ ధర అప్పుడు క్వింటాలుకు 2,203 రూపాయలు. అంటే పంతొమ్మిది వందల చిల్లర విషయానికి ఏడుగురి మీద 14,099 రూపాయలు పడింది.

పెద్దమ్మవి 45 బస్తాలు, 90 కిలోలు పోయాయి. నిజానికి 14 శాతంతో ఆమె ఇచ్చిన ఒక్కో బస్తాలో, 17 శాతం వడ్లు 41 కిలోల పైన ఉంటే ఎంత గింజ ఉంటుందో అంత ఉంది. ఎక్కువ ఇచ్చిన మనిషికి కోత పడింది. ఆమె సొసైటీకి వచ్చి గొడవ చేయలేదు. గడప దగ్గరే నిలబడి, "ఎండినయని నువ్వే అంటివి గదా బిడ్డా, మరి ఏడ రాసినవు?" అని అడిగింది.

అందుకే మీరు "రైతుకు మేలు" అంటుంటే, ఏ రైతుకు అని అడుగుతున్నాను. లారీలో ఏడుగురి వడ్లు కలిసి పోతాయి. ఒకరి కోసం మార్చిన అంకెతో మిగతా ఆరుగురి అంకెలకూ విలువ పోతుంది. నన్నడిగితే మన సొసైటీలను దొంగతనం కంటే మొహమాటమే ఎక్కువ ముంచింది.

ఆ వానాకాలం నుంచి పద్ధతి మార్చాను. కుప్ప పైన కాదు, మధ్యలో, అడుగున, అంచుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఐదు చోట్ల తీస్తాను. ఎండలోంచి తెచ్చిన వేడి గింజలను వెంటనే మిషన్‌లో పోయను, కాసేపు నీడలో పెడతాను, లేకపోతే అంకె అటూ ఇటూ అవుతుంది. మిషన్ వడ్లకు పెట్టి ఉందా, మక్కలకు ఉందా అని రోజూ పొద్దున చూస్తాను. మూడుసార్లు చూసి, వచ్చిన అంకెను చుక్క తర్వాతి అంకెతో సహా రాసి, పక్కన రైతు సంతకం తీసుకుంటాను. గుప్పెడు గింజలు గాలి పోని కవర్‌లో కట్టి పేరు, తేదీ రాసి దాస్తాను. కవర్ మూతి సరిగ్గా కట్టకపోతే రెండు రోజుల్లో తేమ మారి ఆ శాంపిల్ ఎందుకూ పనికిరాదు. బస్తా మీద రైతు నంబర్ రంగుతో వేయిస్తాను. హమాలీలు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే డబ్బా తెచ్చుకుంటున్నారు. 17 దాటితే దాటిందనే రాసి, టార్పాలిన్ ఇచ్చి, ఎక్కించకుండా ఆపుతాను. తిట్లు పడతాయి, పడాలి.

ఒకటి మాత్రం రిజిస్టర్ వల్ల కాదు. లారీ మిల్లు గేటు ముందు వానలో రెండు రోజులు ఆగితే మన అంకెలు ఏమీ చేయలేవు. అందుకే లారీ కదిలిన టైమ్, పరదా కట్టారా లేదా కూడా రాసి డ్రైవర్ సంతకం తీసుకుంటాను.

ఆ సీజన్‌లోనే మా కాక వడ్లు 18.4 వచ్చాయి. ఆయన చూస్తుండగానే రాశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు 16.1కి ఎండబెట్టి తెచ్చాడు. ఆయన వడ్లు పోయిన లారీకి కూడా మిల్లు నుంచి తరుగు ఫోన్ వచ్చింది. నేను ఒక్కో రైతు అంకె చదివాను: 15.3, 16.1, 14.7... శాంపిల్ కవర్లు నా దగ్గర ఉన్నాయి, ఏ నంబర్ బస్తా పచ్చిగా ఉందో చెప్పండి, మిషన్ తీసుకుని వస్తాను అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరే, దింపుకుంటం" అని ఫోన్ పెట్టేశాడు.