మధ్యవర్తి గారికి పంపే సందేశంలో షరతులు ఎలా రాయాలి?

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. మా అమ్మాయికి సంబంధాలు చూడమని మధ్యవర్తి గారికి వాట్సాప్‌లో వివరాలు పంపాలి. కట్నం ఇవ్వం, పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానదు. ఈ రెండూ కచ్చితం. పెత్తనం చేస్తున్నట్టు అనిపించకుండా ఎలా రాయాలి?

జవాబు:

గుంటూరులో మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నప్పుడు మధ్యవర్తి గారికి సందేశాలన్నీ నేనే రాసేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీరు రాసింది మధ్యవర్తి గారి దగ్గరే ఆగదు. చాలాసార్లు ఆయన దాన్ని ఉన్నదున్నట్టు అబ్బాయి వాళ్ళకు పంపిస్తారు, లేకపోతే ఫోనులో చదివి వినిపిస్తారు. అందువల్ల అబ్బాయి తల్లిదండ్రులే చదువుతారన్న దృష్టితో రాయండి.

షరతును మెత్తబరిస్తేనే మర్యాద అనుకోనక్కరలేదు. అబ్బాయి ఎలా ఉండాలో చెప్పే బదులు మీ ఇంటి పరిస్థితి ఏమిటో, ఎందుకో చెబితే, అదే షరతు వినేవారికి నొప్పి కలిగించదు. మా చెల్లెలు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు. అది జిల్లా స్థాయి పోస్టు కనుక హైదరాబాదుకో బెంగళూరుకో బదిలీ చేయించుకోవడం కుదరదు. "సాఫ్ట్‌వేర్ వాళ్ళు వద్దు" అని రాసి ఉంటే అది తీసిపారేసినట్టు ఉండేది. బదిలీ సంగతి రాసినందువల్ల ఎవరికి కుదురుతుందో ఎవరికి కుదరదో వాళ్ళే తేల్చుకున్నారు. చివరికి నేను పంపినది ఇది:

"నమస్కారమండీ. మా చెల్లెలి బయోడేటా, ఫొటో పంపుతున్నాను. ఉద్యోగం జిల్లా స్థాయిది, బదిలీ వీలుకాదు. పెళ్ళయ్యాక కూడా కొనసాగించాలని తనూ మేమూ నిశ్చయించుకున్నాం. కాబట్టి గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి ప్రాంతాల్లో స్థిరపడినవారి సంబంధాలు చూడగలరు. ఇప్పుడు ఇంటి నుంచి పని చేస్తున్నవారైతే, ఆఫీసు రమ్మంటే ఏమి చేయాలనుకుంటున్నారో ముందుగా కనుక్కోగలరు. కట్నం ఇచ్చే ఉద్దేశం మాకు లేదు. లాంఛనాలు, ఆడపడుచు కట్నం, వాహనం పేరుతోనూ ఇవ్వడం లేదు. పెళ్ళి ఖర్చు ఇరువైపులా సగం సగం పెట్టుకుందామని మా ఆలోచన. మా గోత్రం బయోడేటాలో ఉంది, సగోత్రం కాకుండా చూడగలరు. జాతకం, ఎత్తు, ఆస్తి విషయాల్లో మాకు పట్టింపు లేదు. ఉద్యోగం, కట్నం విషయాలు రెండూ అబ్బాయి వాళ్ళకు చెప్పి, వారు సరేనన్నాకే ఫొటో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మీ పారితోషికం మనం అనుకున్న ప్రకారం తాంబూలాల రోజున అందజేస్తాం. కట్నంతో దానికి సంబంధం లేదు."

దీనిలో పట్టింపు లేనివాటిని కూడా పేర్కొన్నాను. అలా రాయకపోతే మధ్యవర్తి గారు అన్నింటినీ ఒకే గాటన కట్టి, ఎత్తు విషయంలో సర్దుకున్నట్టే కట్నం విషయంలోనూ సర్దుకుంటారని అనుకుంటారు. అదే కారణంతో కచ్చితమైన షరతు పక్కన "వీలైతే", "సాధ్యమైనంత వరకు" అన్న మాటలు రానీయకండి. ఆ మాట కనబడగానే మన వైపు బేరానికి తలుపు తెరిచి ఉందని అర్థం చేసుకుంటారు. "చూడగలరు", "కోరుతున్నాను" వంటి క్రియలు చాలు, మర్యాదంతా వాటిలోనే ఉంటుంది.

కట్నం సంగతి మాత్రం విడమరచి రాయాలి. మన ప్రాంతంలో "కట్నం వద్దండీ" అని పెద్దరికంగా అన్నవారే, తాంబూలాల ముందు రోజు ఆడపడుచు లాంఛనమనో, బంగారమనో కదుపుతారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. అయితే ఆ చట్టం పేరు సందేశంలో ఎత్తవద్దని నా సలహా: తొలి పరిచయంలోనే చట్టం మాట వస్తే బెదిరింపుగా వినిపిస్తుంది. పారితోషికం గురించి రాయడానికీ కారణం ఉంది. కొందరు మధ్యవర్తులు కట్నం మొత్తాన్ని బట్టి తమ భాగం లెక్కగట్టుకుంటారు. అలాంటివారికి మన షరతు వల్ల నష్టం లేదని ముందే తెలియకపోతే, దాన్ని అవతలి వారికి చెప్పడానికి మనసొప్పదు.

షరతు అవతలికి చేరిందో లేదో వాళ్ళ మొదటి ఫోనులోనే తెలిసిపోతుంది. మాకు ఒక అబ్బాయి మేనమామ ఫోను చేసి, "ఎంతవరకు అనుకుంటున్నారండీ?" అని అడిగారు. ఆయనతో నేను వాదించలేదు. "మధ్యవర్తి గారికి రాసి ఇచ్చామండీ, మీకు అదే పంపిస్తాను" అని ఆ సందేశాన్నే పంపాను. తరువాత మధ్యవర్తి గారు "ముందు పెళ్ళిచూపులు కానివ్వండి, మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం" అన్నప్పుడు, "మీ మాట కాదనడం లేదండీ, కానీ వాళ్ళు ఒప్పుకున్నాకే చూపులు పెట్టుకుంటే రెండు కుటుంబాలకూ గౌరవంగా ఉంటుంది" అని జవాబిచ్చాను. ఆ సంబంధం అంతటితో ఆగింది. ఆయన మాత్రం ఆ తరువాత తెచ్చిన సంబంధాల్లో రెండు షరతులూ ముందే చెప్పి తెచ్చారు.

కుదరని సంబంధం వస్తే అదే రోజు జవాబివ్వండి. అబ్బాయి గురించీ వాళ్ళ ఇంటి గురించీ ఏ వ్యాఖ్యా చేయకుండా, "ఉద్యోగ స్థలం కలవడం లేదండీ, శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు" అని ఏ షరతు కుదరలేదో అది మాత్రమే రాయండి. ఆ జవాబూ అవతలి వారికి చేరేదే.